ఎగ్గొట్టినవాడి లెక్క ఎవరు కడతారు?

(తెనాలిలో కామర్స్ విద్యార్థులకు, చిన్న మదుపరులకు ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. సభలోవాళ్ల మాటలు బ్రాకెట్లలో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తే నా గొంతుకి పని తగ్గుతుంది. థాంక్స్ బాబూ.

నేను ముంబైలో ఇరవై రెండేళ్లు బ్రోకింగ్ ఆఫీసుల్లో పనిచేశాను. టీవీలో పెద్ద పెద్ద స్క్రీన్ల ముందు అరుస్తూ కనిపిస్తారే, ఆ పని కాదు. బ్యాక్ ఆఫీసు. మూడున్నరకి మార్కెట్ మూసేశాక మా పని మొదలవుతుంది. ఎవరు ఎంత కట్టాలి, ఎవరికి ఏ షేర్లు రావాలి, బ్యాంకులో డబ్బు పడిందా లేదా. మా ఆవిడ మా చుట్టాలకి "ఆయన రాత్రిపూట లెక్కలు రాస్తారు" అని చెప్పేది. అందులో పెద్దగా తప్పు లేదు.

మీలో ఈ వారం షేర్లు కొన్నవాళ్లు చేతులెత్తండి. బాగానే ఉన్నారు. అమ్మా, మీరు ఎవరి దగ్గర కొన్నారు?

("ఫోన్లో యాప్‌లో కొన్నానండీ.")

యాప్ మీకు షేర్లు అమ్మలేదు కదమ్మా. అవతల ఒక మనిషి అమ్మాడు. సూరత్‌లో ఉన్నాడో, గువాహటిలో ఉన్నాడో మీకు తెలియదు. ఆయన మంచివాడా, అప్పులపాలై ఉన్నాడా, మీరు కొన్న రాత్రే ఊరొదిలి పోయాడా, అదీ తెలియదు. అయినా మర్నాటికి మీ డీమ్యాట్‌లోకి షేర్లు వచ్చేశాయి. పది సెంట్ల స్థలం కొనాలంటే మూడు తరాల దస్తావేజులు తిరగేసే మనం, ముక్కూమొహం తెలియనివాడి దగ్గర లక్ష రూపాయల షేర్లు కొని నిశ్చింతగా పడుకుంటున్నాం. ఎందుకంటే చట్టం దృష్టిలో మీరు ఆయన దగ్గర కొననే లేదు. క్లియరింగ్ హౌస్ దగ్గర కొన్నారు.

మన దేశంలో దీన్ని క్లియరింగ్ కార్పొరేషన్ అంటారు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1994 నవంబర్‌లో షేర్ల ట్రేడింగ్ మొదలుపెట్టింది. దాని క్లియరింగ్ కార్పొరేషన్ 1996 ఏప్రిల్‌లో పని ప్రారంభించింది. కంప్యూటర్‌లో మీ బయ్యీ ఆయన సెల్లూ కలిసిన తర్వాత ఆ ఒక్క ఒప్పందం రెండుగా చీలుతుంది. ఆయన క్లియరింగ్ కార్పొరేషన్‌కి అమ్మాడు, క్లియరింగ్ కార్పొరేషన్ మీకు అమ్మింది. దీన్ని నోవేషన్ అంటారు. ఇక ఆయన ఏమైపోయినా మీకు బాకీ ఉన్నది క్లియరింగ్ కార్పొరేషనే.

ఇక్కడో చిన్న సవరణ. మీరూ ఆయనా కార్పొరేషన్‌కి నేరుగా తెలియదు. దానికి తెలిసింది సభ్యులు మాత్రమే, అంటే మీ బ్రోకరూ ఆయన బ్రోకరూ. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో దీనితో పని పడుతుంది.

మాట ఇవ్వడం సులువే. "నేనున్నాను, ఎవడు ఎగ్గొట్టినా నేను కడతాను" అని ఎవరైనా అనొచ్చు. కట్టడానికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందన్నదే ఈ సాయంత్రం నేను చెప్పాలనుకున్న విషయం.

మనందరికీ తెలిసిన చీటీతో మొదలుపెడదాం. ఇరవై మంది, నెలకి పాతికవేలు, ఐదు లక్షల చీటీ. మూడో నెలలో ఒకాయన పాడుకుని డబ్బు తీసుకున్నాడు. ఆరో నెల నుంచి కట్టడం మానేశాడు. మిగతావాళ్లు వచ్చి ఎవర్ని అడుగుతారు? ఫోర్‌మన్‌నే అడుగుతారు. ఆయన పాడుకున్నవాడి ఇంటి చుట్టూ తిరుగుతాడో, కోర్టుకెళ్తాడో మనకి అనవసరం. అందుకే తెలివైన ఫోర్‌మన్ పాడిన డబ్బు చేతికిచ్చే ముందే ష్యూరిటీలు అడుగుతాడు. ఇద్దరు ఉద్యోగస్తుల సంతకాలు తెమ్మంటాడు, లేకపోతే ఇల్లు రాయమంటాడు. డబ్బు ఇచ్చేశాక అడిగితే ఎవడూ ఇవ్వడని ఆయనకి తెలుసు.

క్లియరింగ్ హౌస్ కూడా ముందే తీసుకుంటుంది. దాని పేరు మార్జిన్. అయితే చీటీకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. చీటీలో పాడుకున్నవాడు ఇంకా ఎంత కట్టాలో ఫోర్‌మన్‌కి పైసలతో సహా తెలుసు. పదిహేను నెలలు మిగిలితే పదిహేను వాయిదాలు. మార్కెట్‌లో అలా కాదు. ఈరోజు సున్నా బాకీ ఉన్నవాడు రేపు కోటి బాకీ పడొచ్చు, ఎల్లుండి కోటి రావలసినవాడూ కావచ్చు. ఎంత బాకీ పడతాడో తెలియనివాడి దగ్గర ఎంత ష్యూరిటీ తీసుకోవాలి?

దీనికి ఈ రంగంవాళ్లు కనిపెట్టిన ఉపాయం, బాకీని పెరగనివ్వకపోవడం. ఒక లెక్క చెప్తాను, పెద్ద కష్టమేమీ లేదు. ఫ్యూచర్ అంటే ముందు తేదీకి ఈరోజే ధర ఖాయం చేసుకునే ఒప్పందం. వరంగల్ ఆయన ఒకరు ఒక కంపెనీ ఫ్యూచర్ అమ్మారు, గుంటూరు ఆవిడ కొన్నారు. ఒక లాట్, అంటే 500 షేర్లు, ధర వెయ్యి. మొత్తం విలువ 5 లక్షలు. ఇద్దరి దగ్గరా చెరో 75 వేలు మార్జిన్ తీసుకున్నారనుకోండి. అమ్మినాయన దగ్గర మాత్రమే కాదు, ఇద్దరి దగ్గరా. ధర ఎటు పోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరు నష్టపోతారో కూడా తెలియదు.

సాయంత్రానికి ధర 1,040 అయింది. అమ్మినాయనకి షేరుకి 40 చొప్పున 20 వేలు నష్టం. కాగితం మీద నష్టమే కదా, ఒప్పందం గడువు నెలాఖరున కదా అంటే కుదరదు. ఆ 20 వేలు మర్నాడు మార్కెట్ తెరిచేలోపు కట్టాలి. అది గుంటూరు ఆవిడ ఖాతాకి వెళ్తుంది. మార్జిన్‌ని ముట్టుకోకుండా విడిగా కట్టాలి. దీన్ని మార్క్ టు మార్కెట్ అంటారు, మేం ఎంటీఎం అనేవాళ్లం. నెలాఖరు దాకా పోగుపడాల్సిన బాకీ రోజూ తీరిపోతూ ఉంటుంది. అందుకే ఒకడు చేతులెత్తేస్తే మనకి తగిలే దెబ్బ నెలది కాదు, ఒకటి రెండు రోజులది.

లెక్క తేలిక కోసం వరంగల్ ఆయనే సభ్యుడనుకోండి, ఆయన ఆ 20 వేలు కట్టలేదనుకుందాం. కార్పొరేషన్ ఆయన్ని డిఫాల్టర్‌గా ప్రకటించి, ఆయన అమ్మిన లాట్‌ని మార్కెట్లో తిరిగి కొనేస్తుంది. కొనేలోపు ధర ఇంకా పాకి 1,070 అయింది. మరో 15 వేలు. మొత్తం 35 వేలు ఆయన మార్జిన్లోంచి పోతుంది. మిగిలిన 40 వేలు ఆయనవే. గుంటూరు ఆవిడకి రావలసింది టైముకి వచ్చేసింది. అవతలివాడు ఎగ్గొట్టాడన్న సంగతే ఆవిడకి తెలియదు.

అదే ధర 1,180కి ఎగిరితే? నష్టం 90 వేలు, చేతిలో ఉన్నది 75 వేలు. ఆ 15 వేలు ఎక్కడివి? అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

చూశారా, మార్జిన్ ఎంత ఉండాలన్నది ఒక్క ప్రశ్న మీద ఆధారపడింది. ఎగ్గొట్టినవాడి సరుకు వదిలించుకోవడానికి ఎంతసేపు పడుతుంది, ఆలోపు ధర ఎంత కదలొచ్చు? నిమిషంలో అమ్ముడయ్యే షేరు ఒక రకం. కొనేవాళ్లు ఊరంతా వెతికినా నలుగురే ఉన్న సరుకు ఇంకో రకం. కంప్యూటర్లు గత ధరల కదలికలు చూసి ఈ మార్జిన్ లెక్క కడతాయి. గతంలో లేనిది రేపు జరిగితే ఆ లెక్క తప్పుతుంది. ఇలా తప్పిన సంగతి ఒకటి చెప్తాను. మన దేశంలోది కాదు, స్వీడన్‌లోది. నేను చదివిన డిఫాల్ట్ కేసుల్లో ఇంత శుభ్రంగా అన్నీ కనిపించే కేసు ఇంకోటి లేదు.

2018 సెప్టెంబర్. స్టాక్‌హోమ్‌లో నాస్‌డాక్ క్లియరింగ్ అనే సంస్థ ఉంది. అప్పట్లో అక్కడ నార్డిక్ దేశాల, అంటే నార్వే, స్వీడన్ వైపు దేశాల కరెంటు మీద ఫ్యూచర్లు నడిచేవి. కరెంటే, మన ఇళ్లలోకి వచ్చేదే. వచ్చే ఏడాది కరెంటు ధర ఎంత ఉంటుందని ఇప్పుడే కొనుక్కోవడం, అమ్ముకోవడం. కరెంటు కంపెనీలు, బ్యాంకులు, పెద్ద ఫ్యాక్టరీలు ఆడే మార్కెట్. అందులో నార్వేకి చెందిన ఐనార్ ఓస్ అనే ట్రేడర్ కూడా ఉన్నాడు. కంపెనీ కాదు, ఒక్క మనిషి. ఆ దేశంలో బాగా సంపాదించినవాళ్ల జాబితాల్లో పేరున్నవాడు. ఆయన మధ్యలో బ్రోకర్ లేకుండా తనే క్లియరింగ్ సభ్యుడు. ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. చీటీల కంపెనీకి ష్యూరిటీ పెట్టే చోట ఎస్‌బీఐ పక్కన మన సుబ్బారావుగారు కూర్చున్నట్టు.

(నవ్వులు)

ఆయన పందెం ఏమిటంటే, జర్మనీ కరెంటు ధరకీ నార్డిక్ కరెంటు ధరకీ మధ్య తేడా తగ్గుతుందని. ఈ రెండు ధరలూ వేర్వేరు కారణాలతో కదులుతాయి. జర్మనీలో బొగ్గు వాడకం ఎక్కువ కాబట్టి, పొగ వదలడానికి కంపెనీలు కొనుక్కోవలసిన కార్బన్ పర్మిట్ల ధర పెరిగితే కరెంటు ధర పెరుగుతుంది. నార్వే, స్వీడన్‌లలో నీటి కరెంటు ఎక్కువ. వాన కురిస్తే రిజర్వాయర్లు నిండుతాయి, ధర పడుతుంది. శ్రీశైలం నిండితే మనకి ఎంత ఊరటో వాళ్లకీ అంతే. ఆయన నార్డిక్ వైపు కొని, జర్మనీ వైపు అమ్మి కూర్చున్నాడు. మామూలు రోజుల్లో ఈ రెండూ కొంత కలిసి కదులుతాయి, ఒకవైపు నష్టం వస్తే రెండోవైపు లాభం కొంత సర్దుతుంది. కాబట్టి ఇలాంటి జోడీకి మార్జిన్ తక్కువ చాలు.

సెప్టెంబర్ 10, సోమవారం. కార్బన్ ధర ఎగిరి జర్మనీ కరెంటు పెరిగింది. అదేరోజు నార్వే వైపు వానలు పడతాయని అంచనాలొచ్చి నార్డిక్ ధర పడింది. అమ్మింది పెరిగింది, కొన్నది పడింది. రెండువైపులా నష్టమే. ఆ తేడా మామూలుగా ఒక రోజులో కదిలేదానికి 17 రెట్లు కదిలిందని ఆ తర్వాత నాస్‌డాక్ చెప్పింది. మన చెరువుకట్ట ఎత్తు గత వరదలు చూసి కట్టాం. వచ్చిన వరద వేరు.

క్లియరింగ్ హౌస్ ఆయన్ని ఇంకా డబ్బు కట్టమంది. ఆయన కట్టలేకపోయాడు. మర్నాడు, 11వ తేదీ మంగళవారం ఆయన్ని డిఫాల్ట్‌గా ప్రకటించారు.

ఇప్పుడు క్లియరింగ్ హౌస్ చేతిలో ఏముందో ఆలోచించండి. ఆయన కొన్నవీ అమ్మినవీ కలిపిన ఒప్పందాల మూట, అంటే పొజిషన్ అంతా ఇప్పుడు దానిదే. మన వరంగల్ లాట్ అయితే నిమిషంలో కొనేసి వదిలించుకోవచ్చు. ఇది అలా కాదు. ఆయన పొజిషన్ ఆ మార్కెట్‌కే బరువు. స్క్రీన్ మీద నెమ్మదిగా అమ్మితే, "పెద్దాయన సరుకు వస్తోంది" అని అందరికీ తెలిసిపోయి ధర ముందే జారుతుంది. పైగా ఆ తేడా రేపు ఇంకా పెరగొచ్చు. కాబట్టి వేలం వేశారు. బుధవారం, 12వ తేదీన కొద్దిమంది సభ్యుల్ని పిలిచి, మొత్తం పొజిషన్ ఎంతకి తీసుకుంటారని అడిగారు.

మన ఊళ్లో బ్యాంకువాళ్లు తాకట్టు బంగారం వేలం వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. వచ్చినవాళ్లు నలుగురే అయితే, అందరికీ ఒకరినొకరు తెలిసినవాళ్లే అయితే, అమ్మేవాడికి ఇవాళే అమ్మి తీరాలని వాళ్లకి తెలిస్తే, ఏ రేటు పలుకుతుంది? ఇక్కడా అంతే. పొజిషన్ పోయింది గానీ, ఓస్ కట్టిన మార్జిన్ అంతా తుడిచిపెట్టుకుపోయి, ఇంకా 11 కోట్ల 40 లక్షల యూరోల లోటు తేలింది.

ఆ 11.4 కోట్ల యూరోలు ఎవరు కట్టారు? ఇది వరసగా చూడాలి, ఎందుకంటే ఈ వరసే క్లియరింగ్ హౌస్ అసలు నిర్మాణం. మొదట పోయింది ఎగ్గొట్టినవాడి డబ్బు, అది అయిపోయింది. తర్వాత క్లియరింగ్ హౌస్ సొంత డబ్బు 70 లక్షల యూరోలు. ఆపైన మిగిలిన 10 కోట్ల 70 లక్షలు సభ్యులందరూ ఉమ్మడిగా వేసిన డిఫాల్ట్ ఫండ్ నుంచి. ఆ ఫండ్‌లో అప్పటికి ఉన్నది 16 కోట్ల 60 లక్షలు. అంటే ఒక్క మనిషి వల్ల ఉమ్మడి డబ్బులో దాదాపు మూడింట రెండొంతులు రెండు రోజుల్లో పోయింది. అవతలివైపు లాభం రావలసినవాళ్లకి మాత్రం ఒక్క యూరో తగ్గలేదు. టైముకి అందింది.

సభ్యుల పరిస్థితి చూడండి. ఒక కరెంటు కంపెనీ ఉంది. ఓస్ ఎవరో వాళ్లకి తెలియదు, ఆయనతో లావాదేవీ లేదు, ఆ జర్మనీ పందెం వాళ్లు ఆడలేదు. ఫండ్‌లో వేసిన డబ్బు పోయింది. అంతటితో ఆగలేదు, ఖాళీ అయిన ఫండ్‌ని కొద్దిరోజుల్లోనే మళ్లీ నింపమన్నారు. చీటీలో ఒకడు ఎగ్గొట్టాడని ఫోర్‌మన్ మిగతా పంతొమ్మిది మంది ఇళ్లకి వచ్చి వసూలు చేసుకున్నట్టు. ఎంత గొడవ జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి. సొంత డబ్బు 70 లక్షలే పెట్టి, మా డబ్బు 10 కోట్లు వాడతావా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నాస్‌డాక్ తన 70 లక్షలు మళ్లీ నింపి, అదనంగా ఇంకో 2 కోట్ల యూరోలు పెట్టింది. 2021 జనవరిలో స్వీడన్ ఆర్థిక నియంత్రణ సంస్థ నాస్‌డాక్ క్లియరింగ్‌కి 30 కోట్ల స్వీడిష్ క్రోనర్ల జరిమానా వేసింది.

నా మాటగా ఒకటి చెప్తాను. అందరూ ఆ 17 రెట్ల గురించే మాట్లాడతారు. వాన మీదా కార్బన్ మీదా తప్పు వేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. నా దృష్టిలో అంతకంటే పెద్ద తప్పు, ఒక్క మనిషి పొజిషన్ మార్కెట్ మింగలేనంత పెద్దదవుతుంటే చూస్తూ కూర్చోవడం. ధర ఎంత కదులుతుందో అనేది ఒక లెక్క. నేను దీన్ని ఎవరికి అమ్మగలను అనేది ఇంకో లెక్క. రెండోది వేసి ఉంటే, అంత సరుకు పెట్టుకున్నవాడి దగ్గర జోడీ పేరుతో మార్జిన్ తగ్గించడం కాదు, సరుకు బరువుకి అదనంగా అడిగి ఉండేవాళ్లు.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు లండన్‌లో కనిపిస్తుంది. సరిగ్గా పదేళ్ల ముందు, 2008 సెప్టెంబర్ 15న అమెరికాలో పెద్ద పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది. లండన్‌లోని ఎల్‌సీహెచ్ అనే క్లియరింగ్ హౌస్‌లో లేమన్‌కి వడ్డీ రేట్ల స్వాప్‌లు, అంటే వడ్డీ చెల్లింపులు ఒకరితో ఒకరు మార్చుకునే ఒప్పందాలు, 66 వేలకి పైగా ఉన్నాయి. వాటి మొత్తం విలువ 9 లక్షల కోట్ల డాలర్లు. కంగారు పడకండి, అది ఒప్పందాల ముఖవిలువ, నష్టం అంత కాదు. అయినా ఓస్ దాని ముందు పిపీలికం. ఎల్‌సీహెచ్ వెంటనే వేలం వేయలేదు. సభ్య బ్యాంకుల నుంచి అనుభవమున్న ట్రేడర్లని రప్పించింది. వాళ్లు ముందు ఎదురు ఒప్పందాలు కొని, ధర ఎటు పోయినా నష్టం పెరగకుండా పొజిషన్‌ని కట్టిపడేశారు. తర్వాత కరెన్సీల వారీగా విడగొట్టి, ఒక్కోదాన్నీ సభ్యుల మధ్య వేలం వేశారు. మూడు వారాలు పట్టింది. లేమన్ కట్టిన మార్జిన్‌లో మూడో వంతు ఖర్చయింది. ఉమ్మడి ఫండ్‌ని ముట్టుకోలేదు. మిగిలింది లేమన్ దివాలా అధికారులకి తిరిగి ఇచ్చేశారు. పెద్ద డిఫాల్ట్ తేలిగ్గా గడిచింది, చిన్న డిఫాల్ట్ ఫండ్‌ని ఊడ్చేసింది. స్వాప్ మార్కెట్‌లో కొనేవాళ్లు చాలామంది ఉండటం ఎల్‌సీహెచ్ అదృష్టం కూడా, అది ఒప్పుకోవాలి.

ఇక మన దేశం. షేర్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. అమ్మినవాడు షేర్లు ఇవ్వకపోతే, దాన్ని మేం షార్టేజ్ అనేవాళ్లం, కార్పొరేషన్ వేలంలో కొని మీకు ఇస్తుంది. ఆ ఖర్చు ఎగ్గొట్టినవాడి మీద పడుతుంది. వేలంలోనూ దొరక్కపోతే మీకు డబ్బు లెక్కగట్టి ఇస్తారు. ఇది రోజూ జరిగే పని, ఎవరికీ టెన్షన్ లేదు. 2023 జనవరి 27 నుంచి అన్ని షేర్లకీ మర్నాడే సెటిల్‌మెంట్ కాబట్టి, ఎగ్గొట్టడానికి ఉన్న వ్యవధి కూడా తగ్గింది.

ఫండ్ విషయంలో మన వరస స్వీడన్ వరసకి కొంచెం భిన్నం. 2014లో సెబీ పెట్టిన నియమం ప్రకారం, కోర్ సెటిల్‌మెంట్ గ్యారంటీ ఫండ్ అనే ఉమ్మడి నిధికి కావలసిన కనీస మొత్తంలో సగమైనా క్లియరింగ్ కార్పొరేషనే పెట్టాలి. పావు వంతైనా ఎక్స్ఛేంజ్ పెట్టాలి. సభ్యుల నుంచి పావు వంతుకి మించి తీసుకోకూడదు. ఎగ్గొట్టినవాడి డబ్బు అయిపోగానే కార్పొరేషన్ సొంత డబ్బులో కొంత ముందు పోవాలి, ఆ తర్వాతే ఉమ్మడి నిధి. అంటే రిస్క్ లెక్క తప్పు వేసినవాడి జేబు ముందు చిరగాలి. స్వీడన్ సభ్యులు అడిగిన ప్రశ్నకి ఇక్కడ నాలుగేళ్ల ముందే జవాబు రాసిపెట్టి ఉంది. ఆ వరసలో ఆఖరి మెట్టు గురించి ఎవరూ మాట్లాడరు గానీ కాగితం మీద ఉంది. అన్ని నిధులూ అయిపోయాక కూడా లోటు మిగిలితే, లాభం రావలసినవాళ్ల చెల్లింపులోనే దామాషా ప్రకారం కోత పెడతారు. కాబట్టి "గ్యారంటీ" అన్న మాటకి ఒక హద్దు ఉంది. ఆ హద్దు చాలా దూరంలో ఉంది, కానీ ఉంది.

నా కళ్లతో చూసింది ఒకటి చెప్పి ప్రశ్నలకి వెళ్దాం. 2020 మార్చి 23. కోవిడ్ రోజులు. నిఫ్టీ ఒక్క రోజులో 13 శాతం పడింది. నేను అప్పుడు పనిచేసిన ఆఫీసులో ఒక క్లయింటు ఉండేవాడు, ధాన్యం వ్యాపారి, పదిహేనేళ్లుగా నమ్మకస్తుడు. ధరలు పెద్దగా కదలవన్న ధీమాతో ఆప్షన్లు అమ్మి నెలనెలా ప్రీమియం తినేవాడు. ఆ సాయంత్రం లెక్క తీస్తే ఆయన మార్జిన్ పోయి, ఇంకా బాకీ ఉన్నాడు. ఫోన్ చేశాం. మొదటిసారి ఎత్తి "పొద్దున్నే వేస్తాను" అన్నాడు. రెండోసారి ఎత్తలేదు. రాత్రి పదకొండింటికి మా ఓనరు సొంత ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసి, పొద్దున్న మార్కెట్ తెరిచేలోపు కార్పొరేషన్‌కి కట్టేశాడు. కార్పొరేషన్ స్క్రీన్ మీద మా సంస్థ పేరు పక్కన అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఆ ధాన్యం వ్యాపారి ఒకడున్నాడని కూడా దానికి తెలియదు. ఆయన దగ్గర డబ్బు రాబట్టడానికి మాకు ఏడాదిన్నర పట్టింది, అదీ పూర్తిగా రాలేదు. ఇందాక గుర్తు పెట్టుకోమన్నాను కదా, కార్పొరేషన్‌కి సభ్యులే తెలుసని. పూచీకి ముందు వరస బ్రోకరే.

ప్రశ్నలు అడగండి.

("సార్, క్లియరింగ్ హౌసే ఎప్పుడైనా మునిగిందా?")

మునిగాయి బాబూ. అందరికీ తెలిసినది హాంకాంగ్. 1987 అక్టోబర్‌లో ప్రపంచమంతా మార్కెట్లు కూలినప్పుడు హాంకాంగ్ ఎక్స్ఛేంజ్ నాలుగు రోజులు మూసేశారు. అక్కడ ఇండెక్స్ ఫ్యూచర్లకి ఎక్స్ఛేంజ్ ఒక సంస్థ, క్లియరింగ్ ఇంకో సంస్థ, గ్యారంటీ ఇచ్చేది మూడో సంస్థ. పూచీ ఉన్నవాడికి రిస్క్ చూసే అధికారం లేదు, రిస్క్ కనిపించేవాడికి పూచీ లేదు. నష్టం ముందు ఆ గ్యారంటీ సంస్థ మూలధనం చారెడు కూడా కాదు. ప్రభుత్వం, బ్యాంకులు కలిసి ఆదుకోవలసి వచ్చింది. అందుకే ఇప్పుడు ఎక్కడైనా మార్జిన్ వసూలు చేసేవాడూ పూచీ పడేవాడూ ఒక్కడే అయి ఉంటాడు.

("అయితే బ్రోకర్ మోసం చేసినా మన డబ్బు కార్పొరేషన్ ఇస్తుందా అండీ?")

ఇవ్వదమ్మా. ఈ రెండూ కలిపేసుకుంటున్నారు చాలామంది. పూచీ ఉన్నది ట్రేడ్‌కి. మీ ఖాతాలో ఇప్పటికే ఉన్న షేర్లని బ్రోకర్ మీకు చెప్పకుండా తాకట్టు పెట్టుకుంటే అది ట్రేడ్ కాదు. 2019 నవంబర్‌లో మన హైదరాబాద్ బ్రోకింగ్ సంస్థ కార్వీ విషయంలో సెబీ ఆర్డర్ వచ్చింది ఇలాంటి ఆరోపణ మీదే. అప్పుడు క్లియరింగ్ కార్పొరేషన్ల పని మామూలుగానే సాగింది, ఒక్క సెటిల్‌మెంట్ ఆగలేదు, అయినా వేలమంది మదుపరులు తమ షేర్ల కోసం తిరిగారు. దానికి దారి వేరు. ఎక్స్ఛేంజ్‌ల దగ్గర మదుపరుల రక్షణ నిధి ఉంటుంది, దానికి పరిమితి ఉంది. మీ షేర్లని మీ పేరు మీద ఉంచే సంస్థ డిపాజిటరీ. దాని నుంచి నేరుగా మీ ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు, నెలవారీ స్టేట్‌మెంట్ చూసుకోండి. బ్రోకర్ యాప్‌లో చూపించేది కాదు, డిపాజిటరీది.

("సార్, ఆ స్వీడన్ కేసులో 11 కోట్ల యూరోలు పోయాయన్నారు. అవి చివరికి ఎవరికి చేరాయి?")

మంచి ప్రశ్న. ఏ క్లాసు బాబూ నువ్వు? డిగ్రీ రెండో ఏడాదా? బాగుంది.

డబ్బు ఆవిరైపోదు కదా. ఓస్ పోగొట్టుకున్నదాంట్లో ఒక భాగం, సోమవారం ఆ తేడా కదిలినప్పుడు ఆయనకి ఎదురువైపు ఉన్నవాళ్లకి లాభంగా వెళ్లింది. వాళ్లకి ఆయన పేరు కూడా తెలిసి ఉండదు. రెండో భాగం, బుధవారం వేలంలో పొజిషన్‌ని చవగ్గా తీసుకున్నవాళ్లకి తగ్గింపు రూపంలో వెళ్లింది. అంత రిస్క్ నెత్తినెత్తుకున్నందుకు అది వాళ్ల కూలి అనుకో. కానీ వేలానికి పిలిచింది సభ్యుల్నే. ఉమ్మడి ఫండ్‌లో డబ్బు పోగొట్టుకున్నదీ సభ్యులే. అంటే గెలిచినవాడు ఫండ్ వైపు నుంచి తన వాటా కొంచెం పోగొట్టుకుని, వేలం వైపు నుంచి అంతకి ఎన్నో రెట్లు వెనక్కి తెచ్చుకుని ఉండొచ్చు. ఆ తగ్గింపు ఖర్చు మాత్రం వేలానికి పిలుపు అందని మిగతా సభ్యులందరి మీదా పడింది. వాళ్లకి అంత కోపం రావడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

అదుగో, టీ వచ్చింది. మిగతా ప్రశ్నలు అక్కడ మాట్లాడుకుందాం.